మైలేజీ ఇస్తుంది, వెచ్చదనం ఇవ్వదు

మా తమ్ముడు మ్యూనిక్‌లో ఉంటాడు. పోయిన చలికాలం మొదట్లో రెండు లీటర్ల ఇంజన్ ఉన్న సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు కొన్నాడు. మైలేజీ చూసి మురిసిపోయాడు. డిసెంబరులో ఒకరోజు ఫోన్ చేశాడు. పొద్దున్నే మైనస్ 8 డిగ్రీలు. ఇంటి నుంచి పాప స్కూలు 6 కిలోమీటర్లు, సిగ్నళ్లతో కలిపి పావుగంట ప్రయాణం. "అన్నయ్యా, స్కూలు గేటు దగ్గరికి వచ్చేదాకా ఏసీ గళ్లలోంచి చల్లగాలే. అప్పుడు గోరువెచ్చన అవుతుంది, అప్పుడు పాప దిగిపోతుంది. పక్కింటాయన పెట్రోలు కారు నాలుగు వీధులు దాటేలోపే వెచ్చబడుతోంది" అన్నాడు.

విజయవాడ ఆటోనగర్‌లో నా బండి చూసే మెకానిక్‌కి ఈ సంగతి చెబితే నవ్వాడు. "హీటెక్కుతోందని వస్తారు గానీ, హీటెక్కట్లేదని అడిగినవాళ్లని ఇప్పుడే చూస్తున్నానండీ. ఎవరో థర్మోస్టాట్ పీకేసుంటారు" అన్నాడు. మన దగ్గర ఆ అలవాటు ఉంది. ఇంజన్ వేడెక్కితే ముందు థర్మోస్టాట్ మీదే అనుమానం, తీసి పారేస్తే పీడా పోయిందనుకుంటారు. ఆయన సగం సరదాకి అన్న మాటలో సగం నిజం ఉందని తర్వాత తేలింది. మిగతా సగం మాత్రం డీజిల్ ఇంజన్ నైజంలోనే ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

కారులో హీటరంటే పొయ్యి కాదు. ఇంజన్ చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్ నీళ్లు డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ఓ చిన్న రేడియేటర్లోకి వస్తాయి. దాన్ని హీటర్ కోర్ అంటారు. ఫ్యాను దాని మీదుగా గాలిని తోస్తే అది వెచ్చబడి మన మీదికొస్తుంది. అంటే మనకు దక్కేది ఇంజన్ వృథా చేసిన వేడి. ఎంత దుబారా చేసే ఇంజనైతే మన కాళ్లకు అంత వెచ్చదనం. డీజిల్ ఇంజన్‌కి ఆ దుబారా తక్కువ.

నిలబడి ఉన్న బండిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. పెట్రోలు ఇంజన్‌లో గాలినీ ఇంధనాన్నీ ఇంచుమించు ఒకే పాళ్లలో, బరువులో పదిహేనుకి ఒకటి చొప్పున, కలపాలి. అందుకే యాక్సిలరేటర్ వదిలితే లోపలికి వచ్చే గాలినే తగ్గిస్తారు. డీజిల్‌లో అలా కాదు. ప్రతి స్ట్రోక్‌కీ సిలిండరు నిండా గాలి పీలుస్తుంది, అవసరమైనంత చుక్క డీజిల్ మాత్రమే చిమ్ముతుంది. ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఆ చుక్క ఎంత చిన్నదంటే, మండేదానికంటే మండకుండా ఊరికే వచ్చిపోయే చల్లగాలే ఎక్కువ. ఆ గాలి పోతూపోతూ ఉన్న కాస్త వేడినీ సైలెన్సర్ గుండా మోసుకుపోతుంది. దీనికి తోడు ఆ ఒత్తిళ్లు తట్టుకోవడానికి ఇంజన్ దిమ్మని బరువుగా కడతారు. వేడెక్కాల్సిన లోహం ఎక్కువ, వేడి చేసే మంట తక్కువ.

దీన్ని కరెంటు యూనిట్లలో లెక్కేస్తే మనకు సులువుగా అర్థమవుతుంది. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల వేడి ఉంటుంది. మా తమ్ముడి కారులాంటిది నిలబడి ఆన్‌లో ఉంటే గంటకి సుమారు అరలీటరు తాగుతుంది, అంటే 5 యూనిట్లు. అందులో మూడోవంతు కూలెంట్‌కి చేరుతుందనుకుందాం, యూనిట్‌న్నర పైచిలుకు. మన బాత్రూములో చిన్న గీజరు ఇచ్చేపాటి వేడి కూడా కాదది. ఇక ఇంజన్ లోహం 150 కిలోలు, కూలెంట్ 7 లీటర్లు అనుకుంటే, వాటిని మైనస్ 8 నుంచి 90 డిగ్రీలకు తేవడానికి సుమారు రెండున్నర యూనిట్లు కావాలి. బండి దిమ్మ చుట్టూ ఉన్న చలిలోకి పోయే వేడి లెక్కలో వేయకపోయినా గంటన్నర పడుతుంది.

అదే బండిని రోడ్డెక్కిస్తే కథ మారుతుంది. చలిలో, సిగ్నళ్ల మధ్య 6 కిలోమీటర్లకి నాలుగు వందల మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. అంటే పావుగంటలో 4 యూనిట్లు, నీళ్లకు చేరేది యూనిట్ పైన కొంచెం. దాంతో కూలెంట్ నలభై, నలభై అయిదు డిగ్రీలకు వస్తుంది. హీటర్ గాలి గోరువెచ్చగా తగిలేది సరిగ్గా అప్పుడే, స్కూలు గేటు దగ్గర. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ వాడి ఫిర్యాదుకీ దీనికీ పొంతన కుదిరింది.

అందుకే ఇంటి ముందు పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచి, లోపల టీ తాగి రావడం డీజిల్ కారుకి అన్నిటికంటే పనికిమాలిన వైద్యం. జర్మనీలో అయితే నేరం కూడా. ఊరికే ఇంజన్ నడపడాన్ని అక్కడి ట్రాఫిక్ చట్టం నిషేధించింది, జరిమానా వేస్తారు. స్టార్ట్ చేసి, అద్దాల మీద మంచు గీకి, సీటుబెల్టు పెట్టుకుని మెల్లగా కదలడమే మేలు. మొదటి కొన్ని కిలోమీటర్లు రయ్యిమని లాగకుండా, ఒక గేరు తక్కువలో, రెండువేల చిల్లర ఆర్‌పీఎంలో పోనిస్తే ఇంజన్ కాస్త ఎక్కువ పని చేస్తుంది, ఆ మేరకు ముందే వేడెక్కుతుంది. ఎక్కగానే ఫ్యానుని పూర్తిగా తిప్పేయడం అందరూ చేసే పొరపాటు. అప్పుడప్పుడే పుట్టిన వేడిని హీటర్ కోర్ లాగేసుకుంటుంది, ఇంజన్ ఇంకా ఆలస్యంగా కాగుతుంది, మన మీదికి వచ్చేదీ చల్లగాలే. ముందు అద్దం మీదికి మాత్రం తక్కువలో పెట్టి, సూది కదిలాక పెంచుకోవాలి. బయటిగాలి ఆపి లోపలిగాలినే తిప్పే బటన్ ఉంటుంది కదా, అది నాలుగైదు నిమిషాలు నొక్కితే తేడా తెలుస్తుంది. అంతకు మించితే మన ఊపిరి ఆవిరికి అద్దాలు మసకబారతాయి.

కంపెనీలకూ ఈ లోటు తెలుసు. చలిదేశాల్లో అమ్మే చాలా డీజిల్ కార్లలో హీటర్ కోర్ పక్కన కిలోవాట్ పాటి కరెంటు హీటర్ ఒకటి పెడతారు. ఇది కూలెంట్‌తో పనిలేకుండా నేరుగా గాలినే వేడిచేస్తుంది. ఆ కరెంటు కోసం ఆల్టర్నేటర్ బరువెక్కి ఇంజన్ కూడా కొంచెం ఎక్కువ డీజిల్ కాలుస్తుంది, అదీ లాభమే. ఇంకొన్ని కార్లకి డీజిల్‌తో మండే చిన్న బర్నర్ ఉంటుంది. జర్మన్లు దాన్ని త్సూహైట్సర్ అంటారు. దానికే టైమరూ రిమోటూ జోడిస్తే ష్టాంట్‌హైట్సుంగ్, అంటే బండి నిలిచి ఉండగానే వేడిచేసేది. నాలుగైదు కిలోవాట్ల వేడిని నేరుగా కూలెంట్‌కి ఎక్కిస్తుంది. పూర్తి మంటమీద గంటకి అరలీటరు పైన తాగుతుంది. ఇంజన్ ఊరికే తిరిగినా తాగేది ఇంచుమించు అంతే, కానీ ఇక్కడ వేడి చాలావరకు నీళ్లలోకే పోతుంది. బయల్దేరేముందు ఇరవై, ముప్పై నిమిషాలు నడిపిస్తే అద్దాల మంచు కూడా కరిగి ఉంటుంది. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. దానికీ పొగగొట్టం ఉంది, మూసిన గ్యారేజీలో వెలిగిస్తే విషవాయువు నిండుతుంది. దాని ఫ్యానూ పంపూ బ్యాటరీ మీద నడుస్తాయి, కాబట్టి అరగంట వెలిగిస్తే ఇంచుమించు అరగంట బండి నడపాలి. ఆరు కిలోమీటర్లవాడికి ఇది చలిరోజుల్లో బ్యాటరీ చంపే మార్గం.

మళ్లీ మా తమ్ముడి దగ్గరికి వద్దాం. ఆరు కిలోమీటర్ల కథకి ఇంజన్ నైజం సరిపోయింది. ఒక ఆదివారం 170 కిలోమీటర్ల దూరంలోని న్యూరెంబర్గ్‌కి వెళ్లారు. గంటన్నర హైవే మీద నడిపినా గాలి గోరువెచ్చన దాటలేదు. దీన్ని నైజం అనడానికి వీల్లేదు. ఎంత పొదుపరి డీజిలైనా అరగంట హైవే మీద పోతే క్యాబిన్ కాలాలి.

ఇక్కడే ఆటోనగర్ మాట గుర్తుకు రావాలి. థర్మోస్టాట్ ఒక చిన్న తలుపు. దాని లోపల మైనం లాంటి పదార్థం ఉంటుంది. కూలెంట్ సుమారు 85, 90 డిగ్రీలకు వచ్చేదాకా ఆ తలుపు మూసుకుని నీళ్లను ఇంజన్‌కీ హీటర్ కోర్‌కీ మధ్యే తిప్పుతుంది. వేడి చాలాక మైనం కరిగి, ఉబ్బి, తలుపు తోస్తే అప్పుడు నీళ్లు ముందున్న పెద్ద రేడియేటర్‌కి పోతాయి. పాతబడితే ఈ తలుపు తెరిచే ఉండిపోవచ్చు. అప్పుడు మొదటి నిమిషం నుంచీ, పుట్టిన కాస్త వేడినీ మైనస్ 8 డిగ్రీల గాలికి ఎదురుగా ఉన్న రేడియేటర్‌లో ఆరబోసినట్టే. మన ఎండల్లో ఇది ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది.

కనిపెట్టడం కష్టం కాదు. మా వాడు ఫోనుకి కలిపే చిన్న ఓబీడీ అడాప్టర్ పెట్టి చూశాడు. హైవే మీద వేగంగా పోతుంటే కూలెంట్ 66 డిగ్రీలు, ట్రాఫిక్ జామ్‌లో ఆగితే 80కి చేరేది, మళ్లీ వేగం పెంచగానే దిగేది. ఎదురుగాలి పెరిగేకొద్దీ చల్లబడుతోందంటే తలుపు తెరిచే ఉందని దాదాపు ఖాయం. `P0128` అనే కోడ్ కూడా కనిపించింది. కూలెంట్ ఉండాల్సిన వేడికి చేరడం లేదని దాని అర్థం. డ్యాష్‌బోర్డు సూదిని నమ్మి కూర్చోకూడదు. చాలా కార్లలో అది కొన్ని డిగ్రీలు అటూఇటూ అయినా మధ్యలోనే కదలకుండా నిలబడేలా తయారుచేస్తారు. అడాప్టర్ లేకపోతే, చల్లని ఇంజన్‌తో అయిదారు నిమిషాలు నడిపి ఆపి, రేడియేటర్ పైన పెద్ద హోస్ పైపుని పట్టుకుని చూడాలి. థర్మోస్టాట్ మంచిదైతే అది ఇంకా చల్లగానే ఉంటుంది. అప్పటికే వెచ్చబడుతుంటే నీళ్లు కారిపోతున్నట్టే.

ఇంజన్ 90కి వచ్చినా గాలి మాత్రం చల్లగా ఉంటే రోగం వేరు. హీటర్ కోర్‌కి వెళ్లే రెండు పైపుల్లో ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయింది. డ్యాష్‌బోర్డు వెనక గలగల శబ్దం వస్తూ, ఆర్‌పీఎం పెంచినప్పుడే వెచ్చబడుతుంటే కూలెంట్ తగ్గింది లేదా గాలి చేరింది. కూలెంట్ తగ్గితే అది ఎటు పోతోందో వెతకాలి, ఊరికే నింపి వదిలేయకూడదు.

చలికి ఓర్చుకుంటే సరిపోదా అనేవాళ్లు కొందరుంటారు. చల్లగా తిరిగే డీజిల్ ఇంజన్ ఎక్కువ తాగుతుంది. పొగమసిని పట్టే ఫిల్టరుని కాల్చి శుభ్రం చేసుకునే పని కూలెంట్ వేడెక్కకపోతే చాలా కార్లలో మొదలే కాదు, మొదలైనా మధ్యలో ఆగిపోతుంది. ఫిల్టరు మార్చాల్సి వస్తే ఖర్చు థర్మోస్టాట్ ఖరీదుకి ఎన్నో రెట్లు.

మా వాడు కొత్త థర్మోస్టాట్ వేయించాడు. హైవే మీద 88 దగ్గర నిలబడుతోంది. స్కూలు దారిలో పెద్ద మార్పేం రాలేదు, పాప గేటుకి ఒక సిగ్నల్ ముందు చేతితొడుగులు తీస్తోందట, అంతే. ఆటోనగర్ మెకానిక్‌కి ఈ సంగతి చెబితే ఒకటే కోరాడు. "ఆ పాతది పారేయొద్దని చెప్పండి సార్. ఎప్పుడూ తెరిచే ఉంటుందంటే ఇక్కడ గిరాకీ ఉంది."