పీడీఎఫ్‌లో పేరు చూసుకున్న మిత్రుడికి ఏం రాయాలి?

సివిల్స్ తుది ఫలితాలొచ్చిన రోజు నెగ్గినవాడి ఫోన్ నిండా ఒకే మాట: 'మొత్తానికి సాధించావ్!' ప్రేమతో పెట్టేదే. కానీ ఇన్నేళ్లూ ఊరికే పోయాయన్న చురక కూడా అందులో వినిపిస్తుంది. ఈ పరీక్ష తీరు తెలిస్తే ఆ మాట రాయబుద్ధి కాదు.

ఇందులో ఏ ఏటి మార్కులు ఆ ఏడాదికే. ప్రిలిమ్స్ మార్కులు మెయిన్స్‌కు తలుపు తీయడం వరకే పనికొస్తాయి, ర్యాంకులో కలవవు. ర్యాంకు తేల్చేది మెయిన్స్‌కు 1750, ఇంటర్వ్యూకు 275, వెరసి 2025 మార్కులు. ఇంటర్వ్యూ దాకా వెళ్లి జారిపోయినవాడు కూడా మళ్లీ ప్రిలిమ్స్ నుంచే మొదలుపెట్టాలి. 2024 నోటిఫికేషన్‌నే చూడండి. తుది ఫలితాలు 2025 ఏప్రిల్ 22న వచ్చాయి, తర్వాతి ప్రిలిమ్స్ మే 25న జరిగింది. జాబితాలో పేరు లేదని తెలిసినవాడికి ఏడ్చుకోవడానికీ చదువుకోవడానికీ కలిపి మిగిలింది నెల రోజులే.

ఇప్పుడొక మిత్రుణ్ని ఊహించుకోండి. మొదట రెండుసార్లు ప్రిలిమ్స్‌లోనే ఆగాడు, మూడోసారి మెయిన్స్‌లో పోయింది, నాలుగోసారి ఇంటర్వ్యూలో. ఐదోసారి పేరొచ్చింది. అతనికి ఇలా రాయొచ్చు:

'ఒరేయ్, నీ పేరు చూసి ఇంట్లో అరిచేశాను. పోయినేడు లిస్టులో లేవని తెలిసిన వారానికే మళ్లీ టెస్ట్ సిరీస్ రాస్తూ కూర్చున్నావు చూడు, నాకు ముందుగా అదే గుర్తొచ్చింది. ఇవాళ నీకు ఫోన్ల హోరు ఉంటుంది. జవాబివ్వక్కర్లేదు, ఆదివారం నేనే చేస్తా. అమ్మకి చెప్పు, పూర్ణాలు బాకీ ఉందని.'

ఎన్నోసారో ఇందులో లెక్కపెట్టలేదు. ఆ లెక్క అతనికి మనకంటే బాగా తెలుసు. ఇంకెవరికీ పంపడానికి వీల్లేని ఆ టెస్ట్ సిరీస్ వాక్యమే మెసేజ్‌కి ప్రాణం. అనుదీప్‌తో పోలిక కూడా వద్దు. మెట్‌పల్లి కుర్రాడు 2017 పరీక్షలో ఐదో ప్రయత్నంలో దేశంలోనే మొదటి ర్యాంకు తెచ్చుకున్న మాట నిజమే. కానీ ఆ ఉదాహరణను మనవాడు ఓడిన ప్రతిసారీ ఎవరో ఒకరు వినిపించే ఉంటారు.

'ఐఏఎస్సేనా? ఐపీఎస్సా?' అని అప్పుడే అడగొద్దు. ర్యాంకు, ఇచ్చిన ఆప్షన్లు, రిజర్వేషన్ కేటగిరీ, ఖాళీలు, వైద్యపరీక్ష అన్నీ చూశాక గానీ సర్వీసు కేటాయించరు. ఆ రోజు జవాబు అతని దగ్గరే ఉండదు.

ఈ మెసేజ్‌ని అతనికే విడిగా పంపండి. అశోక్‌నగర్ గదిలో కలిసి చదివినవాళ్ల వాట్సాప్ గ్రూపులో వేయాలనిపిస్తే, ముందు ఆ పీడీఎఫ్‌లో మిగతావాళ్ల పేర్లు కూడా వెతకండి. లేనివాళ్లకు ఆ సాయంత్రమే విడిగా ఓ ఫోన్ చేయండి.