మొత్తం సరిపోయింది, మరి ఎవరి జీతం వారికే వెళ్లిందా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఒకటి ఉందనుకుందాం. అందులో పన్నెండు మంది పనిచేస్తారు: ఒక మేస్త్రి, నలుగురు వెల్డర్లు, ఇద్దరు వడ్రంగులు, ఒక పెయింటరు, ఇద్దరు హెల్పర్లు, ఒక అకౌంటెంటు, రాత్రి కాపలాదారు. వీళ్లందరి నెల జీతాలు కలిపితే 2,17,500 రూపాయలు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న చోట ఈఎస్ఐ వర్తిస్తుంది కాబట్టి 21,000 లోపు జీతం ఉన్నవారి నుంచి ముప్పావు శాతం కోస్తారు. జీతం 15,000 దాటినవారికి వృత్తి పన్ను కూడా ఉంటుంది. ఈ రెండూ పోగా చేతికి ఇవ్వాల్సింది 2,14,624 రూపాయలు. ఒక్కో వెల్డరు జీతం 19,000. అందులో ఈఎస్ఐ 143, వృత్తి పన్ను 150 పోగా 18,707 మిగులుతుంది.

నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ లోపు అందాలి. వెయ్యి మంది లోపు ఉన్న సంస్థలకు 1936 నాటి వేతన చెల్లింపు చట్టం పెట్టిన గడువు అదే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఏడో తేదీనే ఉంచింది. పన్నెండు చెక్కులు రాయడం, పన్నెండు సార్లు ఫోన్‌లో పంపడం కంటే అందరి వివరాలూ ఒకే ఫైలులో పెట్టి బ్యాంకు సైటులో ఎక్కించడం తేలిక. దీన్నే బల్క్ అప్‌లోడ్ అంటారు. ఫైలులో ఒక్కొక్కరికి ఒక్కో వరుస. ఆ వరుసలో ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, పేరు, మొత్తం ఉంటాయి. బ్యాంకు ఆ ఫైలు చదివి, తన దగ్గరే ఖాతా ఉన్నవారికి వెంటనే జమ చేస్తుంది. మిగిలినవారివి ఎక్కువగా నెఫ్ట్ దారిలో పంపుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మనం పేరు రాసినా, అవతలి బ్యాంకు జమ వేసేటప్పుడు చూసేది ఖాతా నంబరునే. నంబరు సరిగా ఇచ్చే బాధ్యత పంపేవారిదేనని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. పంపే ముందు ఖాతాదారు పేరు చూపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి నెఫ్ట్, ఆర్టీజీఎస్ చెల్లింపులకు తేవాలని తర్వాత బ్యాంకులను ఆదేశించింది. ఒక్కొక్క ఖాతాను కొత్తగా చేర్చుకునేటప్పుడు దాన్ని తప్పక వాడాలి. అయితే మన పేర్లతో కొంచెం ఓపిక పట్టాలి. ఇంటిపేరు ఒకచోట ముందుంటే మరోచోట వెనకుంటుంది, శ్రీనివాసరావు ఒకచోట ఒకే మాటగా, మరోచోట మూడు ముక్కలుగా ఉంటుంది. పేరులో తేడా కనిపిస్తే పనివాడినే అడిగి, పాస్‌బుక్ మొదటి పేజీ చూసి తేల్చుకోవాలి. ఇంత చేసినా, ఫైలులో పన్నెండు వరుసలు ఒక్కసారిగా ఎక్కించే రోజున బ్యాంకు ప్రతి పేరునూ మనకోసం సరిచూస్తుందన్న భరోసాతో ఉండకూడదు. ఆ పని మనమే చేసుకోవాలి.

తప్పులు ఎక్కువగా పుట్టేది బ్యాంకులో కాదు, మన ఎక్సెల్ షీటులో. ఎక్సెల్ ఒక అంకెలో పదిహేను స్థానాలనే గుర్తుపెట్టుకుంటుంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఖాతా నంబరులో పదహారు అంకెలుంటాయి. దాన్ని మామూలు గడిలో కొడితే తెర మీద `1.23457E+15` లాంటిది కనిపిస్తుంది, లోపల చివరి అంకె సున్నాగా మారిపోతుంది. తర్వాత ఆ గడిని టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లు సున్నాతో మొదలవుతాయి, ఆ ముందు సున్నాలు కూడా ఇలాగే రాలిపోతాయి. అందుకే నంబర్లు కొట్టక ముందే ఆ వరుసంతా టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. సీఎస్‌వీగా దాచిన ఫైలును మళ్లీ ఎక్సెల్‌లో తెరిచి దాచినా ఇదే గతి పడుతుంది. కాబట్టి చివరిసారి చూడాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరవాలి.

ఇలా చెడిన నంబరు చాలావరకు ఎవరిదీ కాదు కాబట్టి డబ్బు తిరిగొస్తుంది. ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు ఒకటుంది. అకౌంటెంటు జీతాల వరుసను పెద్దవి పైకి వచ్చేలా సర్దాలనుకుని ఆ ఒక్క నిలువు వరుసనే ఎంచుకున్నాడనుకోండి. ఎక్సెల్ ఒక ప్రశ్న వేస్తుంది. తొందరలో `Continue with the current selection` నొక్కితే మొత్తాలు కదులుతాయి, ఖాతా నంబర్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. పెయింటరుకు రావాల్సిన 17,218 కాపలాదారుకు వెళ్లవచ్చు, కాపలాదారు 12,406 పెయింటరుకు రావచ్చు. అయినా కింద మొత్తం 2,14,624. మనుషులు పన్నెండు మందే. నంబర్లన్నీ అసలైనవే కాబట్టి బ్యాంకు ఏ వరుసనూ తిప్పి పంపదు. అన్నీ సవ్యంగా కనిపిస్తూనే ఇద్దరి ఇళ్లలో నెల తలకిందులవుతుంది.

అందుకని జీతాల రిజిస్టరు వేరుగా, బ్యాంకు ఫైలు వేరుగా ఉండాలి. ఒకదాన్ని రెండోదానితో పోల్చాలి. ఒకే ఎక్సెల్ పుస్తకంలో `Register` అనే షీటులో మొదటి నిలువు వరుస ఖాతా నంబరు, ఆరోది నికర జీతం అనుకుందాం. `Bank` అనే షీటులో మొదటిది ఖాతా నంబరు, మూడోది పంపబోయే మొత్తం. బ్యాంకు షీటులో ఖాళీగా ఉన్న గడిలో ఇది రాసి పన్నెండు వరుసలకూ కిందికి లాగాలి.

```
=VLOOKUP(A2,Register!A:F,6,FALSE)-C2
```

సరైన వరుసలో జవాబు సున్నా. పెయింటరు వరుసలో 4,812 అని తేడా కనిపిస్తే మొత్తాలు మారాయన్నమాట. `#N/A` వస్తే ఆ నంబరు రిజిస్టరులో లేదు. అంకె చెడిందో, ఎవరైనా కొత్తగా చొప్పించారో వెతకాలి.

ఇక్కడితో ఆగితే ఇంకో తప్పు జారిపోతుంది. నలుగురు వెల్డర్లకూ 18,707 చొప్పునే కదా. ఒక వెల్డరు వరుసను పొరపాటున రెండుసార్లు అతికించి, ఇంకో వెల్డరు వరుస వదిలేస్తే మొత్తం సరిపోతుంది, పన్నెండు వరుసలూ ఉంటాయి, పై లెక్కలో అన్నీ సున్నాలే వస్తాయి. ఒకరికి రెండు జీతాలు, ఒకరికి ఏమీ లేదు. దీన్ని పట్టుకోవాలంటే రిజిస్టరు వైపు నుంచి కూడా అడగాలి.

```
=VLOOKUP(A2,Bank!A:C,3,FALSE)-F2
```

జీతం వదిలేసిన వెల్డరు దగ్గర `#N/A` కనిపిస్తుంది. రెండు వైపులా పన్నెండేసి సున్నాలు, రెండు షీట్లలోనూ పన్నెండేసి వరుసలు ఉంటే ఫైలు రిజిస్టరుకు తగినట్టే ఉందని చెప్పవచ్చు. ఈ పోలికకు ఎక్సెల్‌లోని `SUMIFS`, `COUNTIF` వాడకపోవడం మంచిది. టెక్స్ట్‌గా పెట్టిన పదహారంకెల నంబర్లను కూడా అవి పదిహేను అంకెల వరకే చూసి, వేర్వేరు ఖాతాలను ఒకటిగా లెక్కగడతాయి.

రిజిస్టరే తప్పయితే మాత్రం ఈ పోలిక ఏమీ చెప్పదు. పని మానేసిన హెల్పరు పేరు రిజిస్టరులోనూ ఉండిపోతే రెండు వైపులా సున్నాలే వస్తాయి. దానికి హాజరు పట్టీతో సరిచూడాలి. పోయిన నెల ఫైలును పక్కన పెట్టుకుని ఎవరి మొత్తం మారిందో, ఎవరు కొత్తగా వచ్చారో, ఎవరు లేరో చూడాలి. పన్నెండు మందే కాబట్టి ఇది పది నిమిషాల పని.

ఇక ఆమోదం. వ్యాపార ఖాతాల ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో ఫైలు ఎక్కించేవారు ఒకరు, ఆమోదించేవారు ఒకరు ఉండేలా ఏర్పాటు చేసుకోవచ్చు. మొదటివారిని మేకర్ అనీ రెండోవారిని చెకర్ అనీ అంటారు. స్టేట్ బ్యాంకులో సరళ్ అనే రకం ఒక్కరే అంతా చేసుకునేది, వ్యాపార్ అనేది ఒకరు ఎక్కిస్తే మరొకరు ఆమోదించేది. మన షెడ్డులో అకౌంటెంటు మేకర్, యజమాని చెకర్.

చెకర్ తెరపై మొదట కనిపించేది చాలాసార్లు ఫైలు పేరు, వరుసల సంఖ్య, మొత్తం మాత్రమే. పైన చూసిన రెండు తప్పుల్లోనూ ఈ మూడూ సరిగానే ఉంటాయి. అందుకే ఫైలును తెరిచి, అకౌంటెంటు సంతకం చేసి ఇచ్చిన జీతాల పట్టీ కాగితాన్ని చేతిలో పెట్టుకుని, ప్రతి వరుసలో ఖాతా చివరి నాలుగంకెలూ మొత్తమూ చదవాలి. అది చేయని ఆమోదాన్ని నేను ఆమోదంగా ఒప్పుకోను. చాలా చిన్న సంస్థల్లో జరిగేది వేరు. యజమాని లాగిన్ కూడా అకౌంటెంటు దగ్గరే ఉంటుంది. “సార్, ఓటీపీ వచ్చింది, చెప్పండి” అని ఫోన్ వస్తుంది, దారిలో ఉన్న యజమాని ఆరంకెలూ చదివేస్తాడు. అప్పుడు మేకర్, చెకర్ ఇద్దరూ ఒక్కరే అయిపోయారు. అకౌంటెంటు ఎంత నమ్మకస్తుడైనా తన తప్పు తనకు కనిపించకపోవడం సహజం. ఆ రెండో కళ్ల జత లేకపోతే నష్టపోయేది అతను కూడా.

ఖాతా నంబరు మార్పును జీతాల ఫైలుతో కలిపి ఆమోదించకూడదు. “నా బ్యాంకు మారింది, ఈ నంబరుకు వేయండి” అని వాట్సాప్‌లో వచ్చిన మాట మీద ఎప్పుడూ మార్చవద్దు. మనిషిని ఎదురుగా అడిగి, పాస్‌బుక్ నకలు మీద సంతకం తీసుకుని, జీతాల రోజుకు ముందే యజమాని విడిగా ఒప్పుకోవాలి. కొత్త ఖాతాకు ముందు ఒక్క రూపాయి పంపి, అతని ఫోన్‌కు సందేశం వచ్చిందో లేదో చూస్తే ఇంకా మేలు. తప్పు ఖాతాలో పడిన డబ్బును బ్యాంకు తనంతట తాను లాక్కోలేదు. అవతలి ఖాతాదారు ఒప్పుకోవాలి, లేదంటే ఫిర్యాదుల దారి పట్టాలి.

ఆమోదం అయ్యాక తెరపై సక్సెస్ అని కనిపిస్తే ఖాతాలోంచి డబ్బు బయల్దేరిందని అర్థం, చేరిందని కాదు. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి సెలవుల్లేకుండా రాత్రింబవళ్లు, అరగంటకో బ్యాచ్‌గా నడుస్తోంది. జమ చేయలేని బ్యాంకు ఆ బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లో తిప్పి పంపాలి. ఆ తిరిగొచ్చిన డబ్బు మన స్టేట్‌మెంటులో విడిగా జమగా కనిపిస్తుంది. పొద్దున ఫైలు పంపితే మధ్యాహ్నం మరోసారి స్టేట్‌మెంటు చూడాలి. ఏడో తేదీ గడువు కాబట్టి ఐదో తేదీకే పంపడం మంచిదని నేననేది ఇందుకే.

తిరిగి రావడానికి ఎప్పుడూ నంబరు తప్పే కారణం కానక్కర్లేదు. పూర్తి కేవైసీ పత్రాలు లేకుండా తెరిచే చిన్న ఖాతాల్లోకి ఒక ఆర్థిక సంవత్సరంలో లక్ష రూపాయలకు మించి జమ పడకూడదు. మన హెల్పరు నికర జీతం 13,398. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏడు నెలలకు 93,786 పడుతుంది. నవంబరులో ఎనిమిదో జీతంతో లక్ష దాటుతుంది. ఏడు నెలలు సాఫీగా వెళ్లిన ఖాతా ఒక్కసారిగా మొరాయించిందని అకౌంటెంటు కంగారు పడతాడు, నంబరు మళ్లీ మళ్లీ చూస్తాడు. మందు మాత్రం హెల్పరు చేతిలో ఉంది. ఆధార్ తీసుకుని తన బ్యాంకు శాఖకు వెళ్లి కేవైసీ పూర్తిచేస్తే ఆ పరిమితి పోతుంది.

తిరిగొచ్చిన జీతాన్ని మళ్లీ పంపేటప్పుడు పాత ఫైలును ఎట్టి పరిస్థితిలోనూ మళ్లీ ఎక్కించకూడదు. మిగతా పదకొండు మందికీ రెండోసారి జీతం వెళ్లిపోతుంది. ఆ ఒక్క వరుసతో కొత్త పేరున్న ఫైలు చేయాలి. మొదటి చెల్లింపు యూటీఆర్ నంబరునూ, డబ్బు తిరిగొచ్చిన తేదీనీ జీతాల పట్టీలో ఆ హెల్పరు పేరు ఎదురుగా రాసి, స్టేట్‌మెంటులో 13,398 జమ కనిపించాకే యజమాని దాన్ని ఆమోదించాలి.