కటింగ్‌లో బరువు తగ్గాల్సింది ఒంట్లో, బార్ మీద కాదు

కొవ్వు కరిగించాలని తిండి తగ్గించినవాళ్లకు జిమ్‌లో తప్పకుండా ఎదురయ్యే సలహా ఒకటుంది. ‘‘ఇప్పుడు లైట్ వెయిట్ పెట్టు అన్నా, రెప్స్ ఎక్కువ కొట్టు, కట్స్ కనిపిస్తాయి’’ అంటారు. కొవ్వు కరిగేది తిండి తగ్గించినందుకు. బెంచ్ ప్రెస్‌లో యాభై కిలోలు తీసేసి ఇరవై కిలోలతో ముప్ఫైసార్లు నెడితే ఛాతీ మీది కొవ్వే ప్రత్యేకంగా పోదు. పైగా ఇన్నాళ్లూ ఆ కండరాన్ని నిలబెట్టిన బరువు ఒక్కసారిగా మాయమవుతుంది.

కండరం అంటే ఒకసారి కట్టి వదిలేసేది కాదు. అందులోని ప్రొటీన్ రోజూ కొంత విరుగుతుంది, కొంత కొత్తగా తయారవుతుంది. ఈ రెండూ సరిపోయినంతకాలం కండ ఉన్నంత ఉంటుంది. తిండి తగ్గితే శరీరం పొదుపు మొదలుపెడుతుంది, తయారీని తగ్గించేస్తుంది. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, వెయిట్స్ అలవాటున్న యువతీయువకులకు ఐదు రోజులపాటు తిండి బాగా తగ్గించి చూశారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల కండరాల్లో ప్రొటీన్ తయారీ 27 శాతం పడిపోయింది. అదే మనుషుల చేత ఒక్కపూట వెయిట్స్ చేయిస్తే, కడుపునిండా తిన్న రోజుల స్థాయికి తిరిగొచ్చింది. దానికి తోడు ప్రొటీన్ కూడా తాగిస్తే ఆ స్థాయినీ దాటింది. బరువెత్తిన కండను మాత్రం శరీరం ఖర్చు తగ్గించే జాబితాలోంచి తీసేస్తుందన్నమాట.

అయితే ఎంత బరువు? ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్ పుట్టింది ఈ ప్రశ్నలోంచే. ఒంటికి అలవాటైన భారంకన్నా కొంచెం ఎక్కువ మోయించాలి, అది కూడా అలవాటయ్యాక ఇంకొంచెం పెంచాలి. దీన్ని వైద్యంలోకి పద్ధతిగా తెచ్చినవాడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకు షికాగోలోని గార్డినర్ ఆస్పత్రిలో బరువులతో చికిత్స చేసి, ఆ ఫలితాలను 1945లో ప్రచురించాడు. రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కొలమానంగా పెట్టుకుని, వారానికోసారి దాన్ని మళ్లీ చూసి పెంచుతూ పోయేవాడు. ఇవాళ జిమ్ నోటుపుస్తకాల్లో రాసుకునేదంతా దాదాపు ఆయన లెక్కే.

ఈ లెక్క కటింగ్‌లో ఎలా నడుస్తుందో ఒక మనిషిని ఊహించుకుని చూద్దాం. బరువు 78 కిలోలు, ఏడాదిగా జిమ్ అలవాటుంది, రోజుకు నాలుగైదు వందల కేలరీలు తగ్గించి తింటున్నాడు. వారానికి అరకిలో దాకా తగ్గుతాడు. బెంచ్ ప్రెస్ 50 కిలోలతో మూడు సెట్లు చేస్తాడు. ప్రతి సెట్‌లో ఆరుకు తగ్గకుండా, పదికి మించకుండా అని హద్దు పెట్టుకున్నాడు.

మొదటివారం 8, 7, 6 వచ్చాయి. రెండోవారం బరువు ముట్టుకోలేదు, రెప్స్ మాత్రం 8, 8, 7 అయ్యాయి. మూడోవారం 9, 8, 7. ఇలా ఒకటీ రెండూ కలుపుకుంటూ ఆరోవారానికి మూడు సెట్లలోనూ పదేసి కొట్టాడు. అప్పుడు బార్‌కు రెండువైపులా 1.25 కిలోల ప్లేట్లు తగిలించి 52.5 చేశాడు. ఏడోవారం లెక్క మళ్లీ 8, 7, 7కు దిగింది. అది ఓటమి కాదు, మెట్టు మారింది.

మొదటినుంచీ వారంవారం ప్లేట్లే ఎందుకు పెంచకూడదంటే, చాలా జిమ్‌లలో 1.25 ప్లేట్లు ఉండవు. అతి చిన్నది 2.5 అయితే రెండువైపులా కలిపి ఐదు కిలోల దూకుడు, అంటే 50 మీద పది శాతం. కడుపు ఖాళీగా ఉన్న మనిషికి అది చాలా పెద్దది. రెప్ అయితే ఒక్కటొక్కటిగా పెంచుకోవచ్చు. తిండి తగ్గించకుండా కసరత్తు చేసేవాళ్ల మీద 2022లో ఒక పోలిక జరిగింది. ఎనిమిది వారాలపాటు సగంమంది బరువు పెంచారు, సగంమంది రెప్స్ పెంచారు. కండ పెరుగుదలలో పెద్ద తేడా రాలేదు.

మన మనిషి దగ్గరికి వద్దాం. ఎనిమిదోవారం 8, 8, 7 చేశాడు. తొమ్మిదీ పదీ వారాల్లోనూ అంతే, ఒక్క రెప్ కలవలేదు. చాలామంది ఇక్కడే కంగారుపడి ఇంకో రెండు వ్యాయామాలు తగిలిస్తారు. ఆ అవసరం లేదని నా అభిప్రాయం. నాలుగైదు కిలోలు తగ్గిన ఒంటితో అదే 52.5 ఎత్తుతున్నాడంటే కండ ఉన్నచోటే ఉంది. కటింగ్‌లో వారంవారం పెంచాలన్నది ప్రయత్నానికి నియమం, ఫలితానికి కాదు. కొత్తగా చేరినవాళ్లకు తిండి తగ్గించినా నెలల తరబడి పెరుగుతూనే ఉండొచ్చు. ఏళ్లుగా ఎత్తుతూ ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్లకు నిలబెట్టుకోవడమే గెలుపు.

నోటుపుస్తకం అబద్ధం చెప్పే సందర్భాలూ ఉన్నాయి. బార్‌ను ఛాతీకి కొట్టి ఎగరేసినా, నడుము బెంచీ మీంచి లేపినా, సగం దాకే దించినా రెప్స్ పెరిగినట్టే కనిపిస్తాయి. సెట్ల మధ్య రెండు నిమిషాలు ఆగేవాడు ఈవారం ఐదు నిమిషాలు ఫోన్ చూస్తూ కూర్చున్నా అంతే. ఇక పుల్ అప్స్ సంగతి మరీ తమాషా. అక్కడ ఎత్తేది సొంత బరువునే కాబట్టి, 78 నుంచి 73కి దిగిన మనిషికి ఆరు పుల్ అప్స్ ఎనిమిదైతే బలం పెరిగిందని కాదు, బరువు తగ్గిందని అర్థం. అందుకే కండ లెక్క చూసుకోవడానికి లాట్ పుల్‌డౌన్ లాంటిది నమ్మదగ్గది.

నిజంగా కండ పోతోందేమో ఎలా తెలుస్తుంది? ఒకపూట బార్ బరువనిపిస్తే దానికి నిద్రలేమి కారణం కావచ్చు, మధ్యాహ్నం అన్నం మానేయడం కావచ్చు. కటింగ్ మొదటివారంలో కిలో రెండు కిలోలు దిగడం కూడా ఎక్కువగా నీళ్లూ, కండరాల్లో నిలవుండే పిండిపదార్థమూ పోవడమే. కానీ బెంచ్, రోయింగ్, స్క్వాట్ అన్నీ కలిసి రెండుమూడు వారాలు వరసగా కిందికి జారుతుంటే, ఒంటి బరువు కూడా వారానికి కిలో పైన పడిపోతుంటే, అనుమానించాలి.

అప్పుడు ముందు చూడాల్సింది పళ్లెం. కిలో ఒంటిబరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ అనుకున్నా ఈ మనిషికి 125 గ్రాములు కావాలి. కప్పు పప్పులో వచ్చేది ఎనిమిది పది గ్రాములే, గుడ్డులో ఆరు. పప్పన్నంతోనే అక్కడికి చేరుకోవాలంటే కేలరీల లెక్క తప్పుతుంది. చికెన్, చేప, గుడ్డు తెల్లసొన, శాకాహారులకు పెరుగు, పనీర్, సోయా కలుపుకోక తప్పదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగందే ప్రొటీన్ పెంచకూడదు.

పళ్లెం సరిగానే ఉండి కూడా జారుడు ఆగకపోతే సెట్లు తగ్గించాలి. నాలుగు చేసేచోట మూడు, మూడు చేసేచోట రెండు. బార్ మీది 52.5 మాత్రం అలాగే ఉంచాలి. తక్కువ తింటున్నప్పుడు ఒళ్లు తేరుకోలేకపోయేది ఎక్కువగా సెట్ల సంఖ్య వల్లే. దాంతోనూ కుదరకపోతే రోజూ తగ్గిస్తున్న కేలరీల్లో ఒక నూటయాభై రెండొందలు తిరిగి కలిపి, రెండువారాలు ఆగి, పుస్తకంలో అంకెలు మళ్లీ చూసుకోవాలి.