రెండు ఫొటోల్లో దొరికిన సుడి

నీటిలో సన్నని రేణువులు కలిపి, పలుచని లేజర్ వెలుగు పొరలో కొన్ని మిల్లీసెకన్ల తేడాతో రెండు ఫొటోలు తీస్తారు. కంప్యూటర్ ఫొటోను గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలోని రేణువుల గుంపు ఎటు, ఎంత జరిగిందో పోల్చి చూస్తుంది. ఆ దూరాన్ని వ్యవధితో భాగిస్తే గడికో వేగపు బాణం వస్తుంది. ఈ పద్ధతి పేరు పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీ.

అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఒక సుడి మధ్య బిందువును తీసుకుందాం. దానికి 1 మి.మీ. కుడివైపున నీరు సెకనుకు 4 మి.మీ. పైకి, ఎడమవైపున అంతే వేగంతో కిందికి పోతోంది. 2 మి.మీ. దూరంలో తేడా 8. అంటే నిలువు వేగం అడ్డంగా మారే రేటు, సెకనుకు 4. ఇదే గ్రేడియంట్: ఒక రాశి ఏ దిశలో ఎంత త్వరగా మారుతోందో చెబుతుంది.

పైన నీరు ఎడమకు, కింద కుడికి అదే వేగంతో కదిలితే, ఈ రెండో మార్పు రేటు −4. మొదటిదాంట్లోంచి దీన్ని తీసేస్తే కర్ల్ 8. అక్కడి నీటి బొట్టు తన చుట్టూ తాను తిరిగే కోణీయ వేగానికి ఇది సరిగ్గా రెట్టింపు.

డైవర్జెన్స్ కొలిచేది వేరు: బిందువు నుంచి నికరంగా ఎంత బయటికి పోతోంది? ఈ సుడిలో సున్నా. నీరు దాదాపు కుదించలేనిది కాబట్టి, సున్నా రాకపోతే రెండు అనుమానాలు: నీరు వెలుగు పొరను దాటి లోపలికో బయటికో పోతోంది, లేదా బాణాలే తప్పు. గడులు మరీ దగ్గరైతే కొలతలోని చిన్న పొరపాటు కూడా భాగహారంలో పెద్దదవుతుంది.