సంక్రాంతికీ చైనా పండక్కీ మధ్య ఒక కంటైనరు

"పండక్కి ముందే సరుకు మా గోదాములో ఉండాలి. తేదీ ఖరారు చేయండి."

చైనాలోని చింగ్‌తావ్ నుంచి డిసెంబరులో ఇలాంటి సందేశం వస్తే, గుంటూరు మిర్చి ఎగుమతి ఆఫీసులో కొత్తగా చేరిన గుమస్తా సంక్రాంతి అనుకునే ప్రమాదముంది. గుంటూరులో జనవరి దగ్గర పడ్డాక పండగంటే ఇంకేముంటుంది? అవతలివాళ్లు అడిగేది వాళ్ల వసంత పండగ, అంటే చాంద్రమాన కొత్త సంవత్సరం గురించి. 2026లో అది ఫిబ్రవరి 17. ఈ రెండు పండగల మధ్య నెల రోజులకు పైగా ఉంది కదా, చాలదా అనిపిస్తుంది. చాలదు. వెనక నుంచి లెక్కేసుకుంటూ వస్తే ఎందుకో తెలుస్తుంది.

చైనా ప్రభుత్వం ప్రకటించిన సెలవులు ఫిబ్రవరి 15 నుంచి 23 దాకా, తొమ్మిది రోజులు. కానీ అక్కడ జనం ఊళ్లకు బయల్దేరడం అంతకు ముందే మొదలవుతుంది. చున్‌యున్ అని పిలిచే ఆ ప్రయాణాల సీజను పండక్కి పదిహేను రోజుల ముందు మొదలై నలభై రోజులు సాగుతుంది. లారీ డ్రైవర్లు, గోదాము కూలీలు ఆ జనంలోనే ఉంటారు. కాబట్టి కాగితం మీద 14వ తేదీ దాకా ఆఫీసులు తెరిచి ఉన్నా, పండగ ముందు ఆఖరి వారాన్ని నేనైతే లెక్కలోకి తీసుకోను. కస్టమ్సుకూ, శాంపిలు పరీక్షకూ ఒక వారం పట్టొచ్చు. అంటే ఓడ ఫిబ్రవరి 3 నాటికి చింగ్‌తావ్ చేరాలి. చెన్నై నుంచి, మధ్యలో ఓడ మార్చుకునే దారిలో, మూడు వారాలు అనుకుందాం. జనవరి 13న ఓడ కదలాలి. కంటైనరు రెండు రోజుల ముందే పోర్టు గేటు దాటాలి కాబట్టి గుంటూరు నుంచి 9వ తేదీ రాత్రికి లారీ ఎక్కాలి. పురుగు పట్టకుండా మందు పొగ పెట్టి, గాలి వదిలి, మొక్కల క్వారంటైన్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి మూడు నాలుగు రోజులు తీసేస్తే, కోల్డ్ స్టోరేజీ నుంచి టిక్కీలు దింపి, తొడిమలు తీయించి, గ్రేడింగు చేయించే పనంతా 5వ తేదీకి అయిపోవాలి. అంటే ఆ పని డిసెంబరులోనే మొదలుపెట్టాలి.

ఆ ఓడ తప్పిపోతే? వారానికొక ఓడ ఉన్న లైనైతే తర్వాతది జనవరి 20. ఆ వారంలో మనకు 14న భోగి, 15న సంక్రాంతి, 16న కనుమ. ముఠా కూలీలు ఊళ్లకు పోతారు, తొడిమలు తీసే ఆడవాళ్లు రారు. "పండగెళ్లాక వస్తామండీ" అంటారు. ఆ మాటకు తేదీ ఉండదు. చెన్నైలో పొంగల్ సెలవులు 17 దాకా సాగుతాయి. ఎలాగో తంటాలు పడి 20న ఎక్కించినా ఓడ చేరేది ఫిబ్రవరి 10కి. అది రెండు రోజులు ఆలస్యమైందా, సరుకు 24వ తేదీ దాకా పోర్టులో పడి ఉంటుంది. షిప్పింగ్ కంపెనీ ఇచ్చే ఉచిత రోజులు సాధారణంగా క్యాలెండరు రోజులే. సెలవుల్లోనూ అవి కరిగిపోతాయి, ఆ తర్వాత అద్దె మీటరు తిరుగుతుంది. ఇలాంటప్పుడు "పండగ ముందు కాదు, 24 తర్వాత చేరుస్తాం" అని డిసెంబరులోనే చెప్పేయడం మేలు. కొనేవాడికి అప్పటి "కాదు" కంటే ఫిబ్రవరిలో వచ్చే "సారీ" ఖరీదైనది.

చైనా సెలవుల్లో ఇంకో తిరకాసు ఉంది. వాళ్లు సెలవు పొడిగించుకోవడానికి ముందో వెనకో ఒక శని, ఆదివారాన్ని పనిదినంగా మారుస్తారు. 2026 వసంత పండక్కి ఫిబ్రవరి 14, 28 అలా పనిదినాలయ్యాయి. రెండూ శనివారాలే. మనకు అవి రెండో, నాలుగో శనివారాలు, బ్యాంకులు మూత! అక్కడ మనిషి బల్ల దగ్గర కూర్చుని మన బ్యాంకు నుంచి కాగితం కోసం చూస్తుంటాడు, ఇక్కడ షట్టరు దించి ఉంటుంది. ఏడాది మొత్తం సెలవుల జాబితాను చైనా ప్రభుత్వం సాధారణంగా ముందు ఏడాది చివర్లో ప్రకటిస్తుంది. అది రాగానే గోడ మీద మన తెలుగు క్యాలెండరు పక్కన తగిలించుకోవడమే పని.

బ్యాంకు సంగతి వచ్చింది కాబట్టి లెటర్ ఆఫ్ క్రెడిట్ గురించి ఒక మాట. ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమావళిలో 29వ అధికరణం ప్రకారం, కాగితాలు ఇవ్వాల్సిన గడువు ఆ బ్యాంకు సెలవు రోజున పడితే తర్వాతి బ్యాంకు పనిదినానికి జరుగుతుంది. కానీ సరుకు ఓడెక్కించాల్సిన ఆఖరి తేదీ మాత్రం దాంతో పాటు జరగదు. ఆఖరి తేదీ జనవరి 16 అని రాసి ఉంటే, కనుమైనా ఇంకేదైనా, బిల్ ఆఫ్ లేడింగులో 17 పడితే లోపమే. తర్వాత అవతలి బ్యాంకు కాగితాలు పరీక్షించడానికి అయిదు బ్యాంకు పనిదినాల దాకా తీసుకోవచ్చు, అందిన రోజు లెక్కలోకి రాదు. ఫిబ్రవరి 12 గురువారం అందాయనుకోండి. 13 ఒకటి, ఆ బ్యాంకు శనివారం పనిచేస్తే 14 రెండు, ఇక మూడోది 24న. అయిదోది 26. అంటే కాగితాలు చూసుకోవడానికే రెండు వారాలు గడిచిపోతాయి. ఈలోపు కోల్డ్ స్టోరేజీ అద్దెకూ, రైతు బాకీకీ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న తేదీ ఒప్పుకునేటప్పుడే వేసుకోవాలి.

గడియారం తేడా వీటితో పోలిస్తే చిన్నదే, కానీ రోజూ గుచ్చుకుంటుంది. చైనా అంతటికీ ఒకటే టైము, మనకంటే రెండున్నర గంటలు ముందు. మనం పదింటికి ఆఫీసు తాళం తీసి ఫోను చేస్తే అక్కడ పన్నెండున్నర, భోజనాల వేళ. ఎవరూ ఎత్తరు. మనం మూడున్నరకు టీ తాగి మళ్లీ చేస్తే అక్కడ ఆరు, ఇంటికెళ్లిపోయారు. నికరంగా దొరికేది మన పదకొండు నుంచి మూడు దాకా, అందులో మన భోజనం ఒకటి. "సాయంత్రంలోగా చెబుతాం" అంటే ఎవరి సాయంత్రమో చెప్పాలి. భీమవరం నుంచి అమెరికాకు రొయ్యలు పంపేవాళ్లకు ఇంకో చిక్కు. మన రాత్రి ఎనిమిదికి చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నర, మార్చి రెండో ఆదివారం నుంచి పదిన్నర. మన గడియారం కదలదు, వాళ్లది కదులుతుంది. యూరపులో ఈ మార్పు మార్చి ఆఖరి ఆదివారం. అందుకే గంటతో పాటు ఊరి పేరు రాయాలి.

తేదీ రాసేటప్పుడు నెలను అక్షరాల్లో రాయడం ఇంకా ముఖ్యం. 03/02/2026 మనకు ఫిబ్రవరి 3, అమెరికావాడికి మార్చి 2.

గల్ఫ్, బంగ్లాదేశ్ వ్యాపారంలో లెక్క వేరు. బంగ్లాదేశ్‌లో వారాంతం శుక్ర, శనివారాలు, కాబట్టి ఇద్దరం కలిసి పనిచేసేది నాలుగు రోజులే. రంజాన్ పండగ నెలవంక కనిపించాకే ఖాయమవుతుంది కాబట్టి అక్కడ ఒక తేదీ కాకుండా ఇటూ అటూ రెండు రోజులు వదిలి మాట ఇస్తారు.

చింగ్‌తావ్‌కు పంపే ఖరారు ఉత్తరం ఇలా ఉంటే చాలు: "చెన్నైలో ఓడ బయల్దేరే తేదీ 13 జనవరి 2026, చెన్నై టైము. చింగ్‌తావ్ చేరే అంచనా 3 ఫిబ్రవరి 2026. జనవరి 14 నుంచి 17 దాకా మావైపు లోడింగు ఉండదు. ఫిబ్రవరి 15 నుంచి 23 దాకా మీవైపు డెలివరీ ఉండదని మేం లెక్కేశాం, తేడా ఉంటే 20 డిసెంబరు సాయంత్రం 5 లోగా, చైనా టైము, చెప్పండి." కిందటిసారి ఇలాంటి ఉత్తరానికి వచ్చిన జవాబులో ఒకటే మార్పు ఉంది: "మా గోదాము 10వ తేదీకే మూసేస్తాం."