కుళాయి వేళ, గాలి వేళ, వల వేళ

కాకినాడకు పెన్షనర్ల స్వర్గమన్న పేరు ఈనాటిది కాదు. తిన్నగా గీత గీసినట్టుండే వీధులు, ఎక్కుడూ దిగుడూ లేని నేల, రంగరాయ వైద్య కళాశాల, దానికి అనుబంధంగా పెద్దాసుపత్రి, సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు చేర్చే గౌతమి ఎక్స్‌ప్రెస్. రిటైరైనవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? మా పిన్నీ బాబాయీ కూడా ఈ లెక్కే వేసుకుని, కూకట్‌పల్లి ఫ్లాటు అద్దెకిచ్చేసి, రామారావుపేటలో ఒక డాబా ఇంటి కింది వాటాలో దిగారు. బాబాయిది నల్గొండ వైపు, పిన్నిది గుంటూరు. ఉద్యోగంలో ఉండగా ఆడిట్లకని వచ్చిపోయిన పరిచయం తప్ప ఈ ఊళ్ళో వాళ్ళకు చుట్టమంటూ లేరు. కూతురు డల్లాస్‌లో ఉంటుంది.

"ఇక గడియారంతో పనిలేదు" అన్నాడు బాబాయి వచ్చిన కొత్తలో. ఆ మాట మొదట వీగిపోయింది కుళాయి దగ్గర.

హైదరాబాదు అపార్ట్‌మెంటులో నీళ్ళు ఎప్పుడు తిప్పితే అప్పుడొస్తాయి. మంజీరా నీళ్ళా, బోరా, ట్యాంకరా అన్నది వాచ్‌మన్‌కు తెలిస్తే చాలు. ఇక్కడ కుళాయి వదిలే వేళ ఉంటుంది. ఏ పేటకు ఆ పేటదే. వాళ్ళ వీధికి పొద్దున్నే ఆరున్నర. ఆ కాసేపట్లో తాగడానికీ వంటకూ పట్టుకోవాలి. మిగతా వాడకానికి బోరుంది. కానీ సముద్రం ఇంత దగ్గరగా ఉన్న ఊళ్ళో చాలాచోట్ల భూగర్భజలం ఉప్పనే. వచ్చిన కొత్తలో పిన్ని బోరు నీళ్ళతో కందిపప్పు కుక్కర్లో పెట్టింది. ఎన్ని కూతలు కూసినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పప్పును మెత్తబడనివ్వవు. పనిమనిషి గిన్నెలోకి తొంగి చూసి, "బోరు నీళ్ళెట్టారేంటండి అమ్మగారూ? ఆయ్, ఈ పప్పు రేపటికి కూడా ఉడకదండి" అని తేల్చేసింది.

సమస్య అక్కడితో ఆగలేదు. కూతురు రోజూ ఫోను చేసేది అక్కడి రాత్రి ఎనిమిదింటికి. వేసవి టైము నడుస్తున్నన్నాళ్ళూ డల్లాస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా. అంటే ఇక్కడ సరిగ్గా ఆరున్నర. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో బిందె. "ఏంటమ్మా ఆ హోరు?" అని కూతురు, "కుళాయే, మళ్ళీ చేస్తాను" అని పిన్ని. నవంబరు మొదటి ఆదివారం అమెరికా వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పగానే తేడా పదకొండున్నర గంటలై, ఫోను ఏడున్నరకు జరిగింది. అప్పటికి బిందెలు నిండి, కాఫీ అయి, పిన్ని స్థిమితంగా కూర్చుని ఉంటుంది. మార్చిలో మళ్ళీ ఇద్దరికీ పేచీ. చివరికి కూతురే వేసవి నెలల్లో గంట ఆలస్యంగా చేయడం మొదలుపెట్టింది.

ఏప్రిల్, మే వచ్చేసరికి ఈ కుళాయి కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఊరికి నీళ్ళు గోదావరి కాలువ మీదుగా రావాలి. ఎండాకాలంలో పంట కోతలయ్యాక, మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. ఆ కొన్ని వారాలూ ముందే నింపి ఉంచిన చెరువుల నీళ్ళతోనే ఊరు గడవాలి. కుళాయి ధార సన్నబడితే బాబాయి మొదట మున్సిపాలిటీ మీద విసుక్కునేవాడు. ఇప్పుడు పేపర్లో కాలువలు ఎప్పుడు కట్టేస్తారు, ఎప్పుడు వదులుతారన్న వార్త చూసి, దానికి ముందే సంపు కడిగించి పెట్టుకుంటున్నాడు. తాను ఎన్నడూ చూడని వరిచేల పంచాంగం తన వంటింటి దాకా వస్తుందని ఆయనకు హైదరాబాదులో తెలిసే అవకాశమే లేదు.

రెండో పాఠం గాలిది. సామాన్లతో పాటు హైదరాబాదు నుంచి పెద్ద కూలరొకటి తెచ్చుకున్నారు. అక్కడ నలభై డిగ్రీల ఎండలోనూ అది గదిని హాయిగా ఉంచేది. ఇక్కడ ముప్ఫయి ఆరుకే చేతులెత్తేసింది. వేసినకొద్దీ గది ఇంకా జిడ్డుగా, దుప్పటి తడిగా అనిపించేది. పాడైందనుకుని మెకానిక్కును పిలిస్తే, మోటారు చూసి, "కూలరు బానే ఉందండి, మన గాలే దానికి పడదండి" అని డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

కూలరు చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. గాలి పొడిగా ఉంటే ఆవిరి తొందరగా అవుతుంది, ఆ ఆవిరితో పాటే గాలిలోని వేడి పోతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఇక నీరు ఆవిరి కాదు, గదిలో చెమ్మ మాత్రం పెరుగుతుంది. మన ఒళ్ళు చల్లబడేది కూడా ఇదే దారిన. చెమట ఆరితేనే చల్లదనం. కాకినాడ ఉక్కలో చెమట కారిపోతుంది తప్ప ఆరదు. అందుకే హైదరాబాదు నలభై కంటే ఇక్కడి ముప్ఫయి ఆరు పెద్దవయసు వాళ్ళను ఎక్కువ బాధపెట్టవచ్చు. వయసు మీదపడ్డాక దాహం కూడా సరిగ్గా తెలియదు. బాబాయి వేసుకునే బీపీ మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువగా పోయించేది. ఒక మే నెల మధ్యాహ్నం మంచం మీంచి లేవబోయి కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. రెండు రోజులుగా మూత్రం ముదురు రంగులో వస్తోందని అప్పుడు చెప్పాడు. డాక్టరు బీపీ పడుకోబెట్టీ నిలబెట్టీ చూసి, ఎండాకాలానికి మోతాదు మార్చి, మాత్ర మాత్రం సొంతంగా మానకూడదని గట్టిగా చెప్పాడు.

ఊరివాళ్ళు ఈ ఉక్కతో ఎలా వేగుతున్నారో పక్కింటి పెద్దావిడ దగ్గర పిన్ని నేర్చుకుంది. ఆవిడ థర్మామీటరు చూడదు, తూర్పు కిటికీ తెర చూస్తుంది. పగలు నేల సముద్రం కన్నా తొందరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీంచి చల్లటి గాలి వస్తుంది. మామూలుగా మిట్టమధ్యాహ్నం దాటేసరికి తెర లోపలికి ఉబ్బుతుంది. అప్పుడు తూర్పు కిటికీలు తీసి, పడమటివి మూసేస్తే ఇల్లు నిలదొక్కుకుంటుంది. కానీ మే నెలలో కొన్ని రోజులు పడమటి గాలి పొద్దుటి నుంచే బలంగా వీస్తుంది. ఎండిన నేలల మీదుగా వచ్చే ఆ వేడిగాలి సముద్రపు గాలిని ఒడ్డు దాటి లోపలికి రానివ్వదు. ఆ రోజే ఎండ నలభై దాటేది. "పొద్దున్న తొమ్మిదింటికే ఆరేసిన బట్టలు ఫెళఫెళలాడిపోతుంటే ఇంక ఆ వేళ గడప దాటకండి పిన్నిగారూ" అంది పెద్దావిడ.

ఇందులో ఒక తమాషా ఉంది. పడమటి గాలి పొడిగాలి. కాబట్టి మూలన పెట్టిన హైదరాబాదు కూలరు సరిగ్గా ఆ రోజుల్లోనే పనిచేస్తుంది. ఇప్పుడు వాళ్ళింట్లో కూలరు మీది గుడ్డ తీశారంటే ఆ రోజు వడగాలి అని అర్థం. బాబాయి బ్యాంకు పనీ మందుల కొట్టూ అన్నీ పొద్దున్న పదిలోపే ముగించుకుంటాడు. మళ్ళీ బయటికొచ్చేది ఐదు దాటాకే. ఊళ్ళో చాలామంది చేసేదీ అదే.

మూడోది వల. బాబాయికి చేపలంటే ప్రాణం. సముద్రం ఉన్న ఊరు కాబట్టి ఏడాది పొడుగునా వంజరం, చందువ దొరుకుతాయనుకున్నాడు. వచ్చిన ఏడాది ఏప్రిల్ చివర కుంభాభిషేకం రేవుకు సంచీ పట్టుకుని వెళ్తే, బోట్లన్నీ ఒడ్డునే కట్టేసి ఉన్నాయి. ఒకాయన వల విప్పదీసి చిరుగులు కుట్టుకుంటున్నాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని వదిలేయాలని పెట్టిన నియమమిది. ఆ రెండు నెలలూ బజారులో ఎక్కువగా కనిపించేవి బొచ్చె, శీలావతి, కొరమేను లాంటి మంచినీటి చేపలు. అప్పుడెవరైనా సముద్రపు చేపని తాజాది అంటే అనుమానించాల్సిందే, చాలావరకు ఐసులో ఉన్న సరుకే అయివుంటుంది.

ఎలా గుర్తుపట్టాలో చేపలమ్మే ఆమే చూపించింది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, ఇటుకరంగు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, గుంట పడకూడదు. వేలితో నొక్కితే పడ్డ సొట్ట వెంటనే పూడాలి. "బేరం తర్వాత ఆడండి బాబుగారూ, ముందు మొప్ప చూడండి" అన్నది ఆమె మాట. వానలు పడి గోదావరికి ఎర్రనీరు తగిలాక సముద్రపు ఇలస నదికి ఎదురీది పులస అవుతుంది. దాని ధర విని బాబాయి ఈ ఏటికీ చూసే సంతోషించాడు.

అక్టోబరు నుంచి తుపాన్ల కాలం. మొదటిసారి టీవీలో 'కాకినాడ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వినగానే బాబాయి బ్రెడ్డు, కొవ్వొత్తులు మోసుకొచ్చాడు. వీధిలో ఎవరూ కదల్లేదు. పోర్టు సిగ్నళ్ళు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. అవి ముఖ్యంగా ఓడలకూ పడవలకూ. ఒకటి, రెండు అంటే దూరాన ఎక్కడో వాయుగుండమో తుపానో ఉందని. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. ఐదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెనుప్రమాదం. పదకొండంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానును చూసిన పక్కింటి పెద్దాయన, ఐదు దాటితే తానే వచ్చి చెబుతానన్నాడు. ఇద్దరూ కలిసి ఓ పద్ధతి పెట్టుకున్నారు. సంపూ బిందెలూ నింపడం, ఫోన్లు ఛార్జి చేయడం, పది రోజుల మందులు విడిగా కట్టి అల్మరా పైఅరలో పెట్టడం. కరెంటు పోతే మోటారూ ఆగిపోతుంది కాబట్టి నీళ్ళదే మొదటి వంతు.

అన్నీ కుదిరాయని కాదు. పిన్ని కంటి సమస్యకు పాత డాక్టరు దగ్గరికి ఇప్పటికీ గౌతమి ఎక్కి వెళ్తుంది. చుట్టాల పెళ్ళిళ్ళు సగం తప్పిపోతున్నాయి. అయినా అద్దె ఇంట్లో ఒక వేసవి, ఒక తుపాను కాలం గడిపాకే ఇల్లు కొనాలని ముందే అనుకోవడం మంచిదైంది. శీతాకాలంలో వచ్చి చూసిన మనిషికి ఏ ఇల్లయినా నచ్చుతుంది. ఈమధ్య ఇల్లు చూపించడానికొచ్చిన బ్రోకరు సింహద్వారం, వాస్తు గురించి చెప్పుకుపోతుంటే బాబాయి ఆపి నాలుగే అడిగాడట. కుళాయి ఎన్నింటికి వదులుతారు? తూర్పు కిటికీకి ఎదురుగా ఎవరైనా మేడ లేపుతున్నారా? పెద్ద వానకు వీధిలో నీళ్ళు ఏ మెట్టు దాకా వస్తాయి? సంపు మూత ఆ మెట్టుకు పైనా కిందా? బ్రోకరు కాసేపు ఆలోచించి, "తమరిది ఈ ఊరేనాండి?" అన్నాడట.