ప్లాన్ తగ్గింది, బిల్లు పెరిగింది

కాకినాడలో ఒక రిటైర్డ్ టీచరు గారి ఇంట్లో జరిగినట్టు అనుకుందాం. ఇంటి నుంచి పనిచేసే కూతురు ఏప్రిల్‌లో బెంగళూరు వెళ్లిపోయింది. ఇక ఇంట్లో టీవీకి, రెండు ఫోన్లకు అంత స్పీడు అక్కర్లేదని నెలకు 900 రూపాయల ప్లాన్ నుంచి 600 రూపాయల ప్లాన్‌కు మారారు. ఏప్రిల్ 16 నుంచి కొత్త ప్లాన్ మొదలైందని మెసేజ్ కూడా వచ్చింది. మే ఒకటిన బిల్లు చూస్తే 2,360 రూపాయలు.

అందులో ఉన్న వరసలు ఇవి: ఏప్రిల్‌లో మిగిలిన రోజులకు కొత్త ప్లాన్ 300, మే నెలకు కొత్త ప్లాన్ 600, ఇన్‌స్టలేషన్ 1,000, రూటర్ అద్దె 100. మొత్తం 2,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 360. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "ప్లాన్ మార్చారు కదండీ, మొదటి బిల్లు కొంచెం ఎక్కువే వస్తుంది, వచ్చే నెల నుంచి సరిపోతుంది" అన్నారు. ఇందులో నిజం కొంత ఉంది. అందుకే చాలామంది నమ్మి కట్టేస్తారు. ఆ నిజం ఎంతవరకో తెలిస్తే మిగతాది ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

పోస్ట్‌పెయిడ్ బ్రాడ్‌బ్యాండ్‌లో నెల అద్దెను చాలా కంపెనీలు ముందుగానే వేస్తాయి. అంటే ఏప్రిల్ ఒకటిన వచ్చిన బిల్లులో ఏప్రిల్ నెలంతటికీ 900 రూపాయలు వేసేశారు, మాస్టారు కట్టేశారు. నెల మధ్యలో ప్లాన్ మారితే లెక్క మూడు ముక్కలవుతుంది. మొదటిది, వాడని రోజులకు పాత ప్లాన్ డబ్బు వెనక్కి రావడం. 900ని 30 రోజులకు పంచితే రోజుకు 30 రూపాయలు. 16 నుంచి 30 వరకు 15 రోజులు, అంటే 450 రూపాయలు మాస్టారికి రావాలి. రెండోది, అవే 15 రోజులకు కొత్త ప్లాన్ చార్జీ. రోజుకు 20 చొప్పున 300. మూడోది, మే నెలకు ముందస్తు అద్దె 600. 300కి 600 కలిపి, అందులోంచి 450 తీసేస్తే 450 మిగులుతుంది. జీఎస్టీ 81తో కలిపి 531 రూపాయలు. ఆ నెల రావలసిన బిల్లు అదీ. మొదటి బిల్లు ఎక్కువే వస్తుందన్న మాట పెద్ద ప్లాన్‌కు మారినవారి విషయంలో నిజం. చిన్న ప్లాన్‌కు మారినవారికి, అంతకు ముందు నెల అద్దె కట్టేసి ఉంటే, మొదటి బిల్లు తర్వాతి నెలల కంటే తక్కువ రావాలి.

కొన్ని కంపెనీలు నెల మధ్యలో ప్లాన్ మార్చవు. ఎప్పుడు అడిగినా వచ్చే బిల్లు నెల మొదటి తేదీ నుంచే మారుస్తాయి. అలాంటి చోట ముక్కల లెక్కే ఉండదు, మే బిల్లు నేరుగా 600కి జీఎస్టీ కలిపి 708 వస్తుంది. అందుకని అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది కొత్త ప్లాన్ ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చిందన్నది. మీరు అడిగిన తేదీ కాదు, వాళ్ల రికార్డులో పడిన తేదీ. అది మెసేజ్‌లో ఉంటుంది. బిల్లు రెండో పేజీలో ప్రతి చార్జీ పక్కనా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని వేస్తారు. మనం మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న మొత్తం చూసి ఆగిపోతాం. అసలు సంగతి ఆ తేదీల్లో ఉంది. 16 నుంచి 30 వరకు కొత్త ప్లాన్ వరస ఉండి, అదే తేదీలకు పాత ప్లాన్ మైనస్ వరస లేకపోతే, ఒకే పక్షానికి రెండు ప్లాన్ల డబ్బు తీసుకున్నట్టే. పాత ప్లాన్ డబ్బు కిందటి బిల్లులో పోయింది కాబట్టి ఈ బిల్లు ఒక్కటే ముందు పెట్టుకుంటే పట్టుబడదు. ఏప్రిల్ బిల్లును కూడా పక్కన పెట్టుకోవాలి.

ఇలా ఎందుకు జరుగుతుంది? ప్లాన్ మార్పును కంపెనీ కంప్యూటర్‌లో రెండు రకాలుగా ఎక్కించవచ్చు. ఉన్న కనెక్షన్ మీదే ప్లాన్ మార్చడం ఒకటి. పాత ప్లాన్‌ను మూసేసి కొత్త ఆర్డర్ తెరవడం ఇంకొకటి. రెండో దారిలో వెళితే కంప్యూటర్ దృష్టిలో మాస్టారు కొత్త కస్టమర్. కొత్త కస్టమర్‌కు ఉండే ఇన్‌స్టలేషన్ చార్జీ, రూటర్ అద్దె వాటంతటవే పడిపోతాయి. పాత ఆర్డర్ సరిగా మూయకపోతే రావలసిన 450 తయారే కాదు. మనిషి ఎవరూ కూర్చుని ఈ వెయ్యి వేయలేదు. కానీ వేసినదాన్ని తీయడానికి మాత్రం ఒక మనిషి కావాలి, ఆ మనిషి దాకా చేరడమే కష్టం.

ఇన్‌స్టలేషన్ చార్జీ విషయంలో ఒక ప్రశ్న చాలు: ఆ రోజు ఎవరైనా ఇంటికి వచ్చి పని చేశారా? కొత్త కేబుల్ లాగి, గోడకు రంధ్రం చేసి, పెట్టె బిగించి వెళితే అది ఇన్‌స్టలేషన్. ఆఫీసులో కూర్చుని స్పీడు మార్చితే కాదు. అయితే ఒక చోట కంపెనీ మాట చెల్లుతుంది. ఆరు నెలలో ఏడాదో ఒకే ప్లాన్‌లో ఉంటానంటే ఇన్‌స్టలేషన్ ఉచితమని కనెక్షన్ ఇచ్చేటప్పుడు షరతు పెట్టి ఉంటే, గడువులోపు ప్లాన్ తగ్గించినప్పుడు ఆ మాఫీని వెనక్కి తీసుకోవచ్చు. ఆ షరతు మనం సంతకం చేసిన దరఖాస్తు ఫారంలోనో, అప్పట్లో వచ్చిన మెయిల్‌లోనో ఉండాలి. ఫోన్‌లో చెబితే సరిపోదు, కాగితం చూపించమనాలి. మాస్టారి కనెక్షన్ మూడేళ్ల నాటిది కాబట్టి ఈ వాదన నిలవదు.

రూటర్ దగ్గర మూడు రకాల ఏర్పాట్లుంటాయి. సొంతంగా కొన్నది, డిపాజిట్ కట్టి తీసుకున్నది, నెలనెలా అద్దెది. మొదటి రెండు రకాల్లో మామూలుగా నెల అద్దె ఉండదు, ఉంటే ఆ మాట రాతలో ఉండాలి. తనది ఏ రకమో చాలామందికి గుర్తుండదు. తెలుసుకోవడానికి మొట్టమొదటి బిల్లు చూడాలి. తిరిగి ఇచ్చే డిపాజిట్ మీద జీఎస్టీ పడదు. ఆ బిల్లులో రూటర్ పేరుతో తీసుకున్న సొమ్ముకు పన్ను వేసి ఉంటే అది డిపాజిట్ కాదు, ధరో అద్దో అయి ఉంటుంది. మాస్టారు అప్పట్లో 1,500 డిపాజిట్ కట్టారు, పన్ను లేకుండా. రసీదు ఉంది. పైగా రూటర్ మారలేదు. పెట్టె వెనక్కి తిప్పితే అతికించిన చీటీ మీద S/N అని సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని ఫొటో తీసి, కొత్త ప్లాన్ కింద ఏ సీరియల్ నంబరు రూటర్‌కు అద్దె వేశారో చెప్పమని అడగాలి. అదే నంబరైతే డిపాజిట్ కట్టిన పెట్టెకే అద్దె అడుగుతున్నారు. వేరే నంబరైతే ఇంటికి రాని పెట్టెకు అడుగుతున్నారు.

పాత ప్లాన్‌తో తీసుకున్న అదనపు సేవలు కూడా ఒకసారి చూసుకోవాలి. ఓటీటీ ప్యాకు, స్టాటిక్ ఐపీ లాంటివి ప్లాన్‌లో భాగంగా కాక విడిగా నమోదై ఉంటే ప్లాన్ మారినా అవి ఆగవు. వాటిని పేరు పెట్టి ఆపమని చెప్పాలి.

ఇప్పుడు తేడా చూద్దాం. రాని క్రెడిట్ 450, ఇన్‌స్టలేషన్ 1,000, రూటర్ అద్దె 100, మొత్తం 1,550. జీఎస్టీ 279 కలిపితే 1,829. వచ్చిన బిల్లు 2,360లోంచి రావలసిన 531 తీసేసినా అంతే వస్తుంది. రెండు దారుల్లోనూ లెక్క కలిసింది కాబట్టి ఫిర్యాదు గట్టిది. "బిల్లు ఎక్కువ వచ్చిందండీ" అంటే అవతలి వాళ్లు మొదటి బిల్లు సంగతే మళ్లీ చెబుతారు. "ఏప్రిల్ 16 నుంచి 30 వరకు పాత ప్లాన్ క్రెడిట్ 450 పడలేదు, జరగని పనికి ఇన్‌స్టలేషన్ 1,000 పడింది, డిపాజిట్ ఉన్న రూటర్‌కు అద్దె 100 పడింది, పన్నుతో కలిపి 1,829 తీసేయాలి" అని వరస పేరుతో, అంకెతో చెప్పాలి. అదే మాట మెయిల్‌లోనూ పంపాలి. ఫోన్ పెట్టేలోపు డాకెట్ నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేకపోతే ఫిర్యాదు చేసినట్టే కాదు.

ట్రాయ్ నిబంధనల ప్రకారం బిల్లు ఫిర్యాదును కంపెనీ నిర్ణీత గడువులోపు పరిష్కరించాలి. తేల్చిన వారంలోపు డబ్బు ఖాతాలో సర్దాలి. సమాధానం రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయవచ్చు. రుసుము ఉండదు, 39 రోజుల్లో తేల్చాలి. విడివిడి కస్టమర్ల ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా విచారించదు కాబట్టి అక్కడికి ఉత్తరాలు రాసి కాలం పోగొట్టుకోవద్దు. కంపెనీలో పని కాకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం ఫిర్యాదులు వినే అధికారం వినియోగదారుల కమిషన్లకు ఉందని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈలోపు గడువు తేదీ వచ్చేస్తుంది. ఆటోపే పెట్టుకున్నవారికి డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది. అందులో అంకె చూసి, తేడా ఉంటే యూపీఐ యాప్‌లో ఆటోపేను తాత్కాలికంగా ఆపవచ్చు. ఒప్పుకున్న 531 విడిగా కట్టి, మిగతా 1,829 వివాదంలో ఉందని, దాని మీద లేట్ ఫీజు వేయవద్దని, కనెక్షన్ ఆపవద్దని డాకెట్ నంబరుతో మెయిల్ చేయాలి. అసలేమీ కట్టకుండా కూర్చుంటే న్యాయం మన వైపున్నా కనెక్షన్ ఆగిపోయే అవకాశం ఉంది.

ఫిర్యాదు నెగ్గాక కూడా ఒక చోట నష్టం జరుగుతుంది. "సర్దుబాటు చేశాం" అని 1,550 మాత్రమే వెనక్కి వేసి, దాని మీద తీసుకున్న 279 పన్ను మర్చిపోతారు. చార్జీ తీసేస్తే క్రెడిట్ నోట్ ఇచ్చి పన్ను కూడా తగ్గించాలి. మాస్టారు 531 మాత్రమే కట్టారు కాబట్టి జూన్ బిల్లులో పాత బాకీ 1,829 అని ఒక వరస, క్రెడిట్ 1,829 అని ఒక వరస, కొత్త నెలకు పన్నుతో 708 ఉండాలి. కట్టవలసింది 708 మాత్రమే. 987 అని వస్తే పన్ను తీయలేదన్నమాట. 708కి పైన ఇంకేదైనా చిన్న మొత్తం కనిపిస్తే అది సాధారణంగా ఆ 1,829 మీద వేసిన లేట్ ఫీజు. దాన్ని కూడా పాత డాకెట్ నంబరు చెప్పి తీసేయించాలి.